విల్, గోయింగ్ టు, ప్రెజెంట్ కంటిన్యువస్: సందర్భమే చెబుతుంది

తెలుగులో "రేపు కలుస్తాను" అంటే పని జరిగిపోతుంది. ఆ మాట అప్పుడే తట్టినదైనా, వారం కిందటే ఖాయం చేసుకున్నదైనా ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లీషులో మాత్రం ఆ తేడా క్రియలోనే వినిపిస్తుంది. అందుకే ఈ పాఠంలో సూత్రాలు బట్టీ పట్టం. నోరు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకుందాం: ఈ పని ఎప్పుడు నిర్ణయమైంది?

మీ పాత నోట్సులో "దగ్గరి భవిష్యత్తుకి గోయింగ్ టు, దూరానికి విల్" అని ఉంటే కొట్టేయండి. ఎప్పటికైనా రాయాలనుకున్న నవల గురించి "వన్ డే ఐ యామ్ గోయింగ్ టు రైట్ ఎ నావెల్" అనొచ్చు. ఫోన్ మోగగానే లేస్తూ అనేది "ఐల్ గెట్ ఇట్". దూరం, దగ్గర ఇక్కడ లెక్కలోకే రాలేదు.

ఒక సందర్భం, మూడు జవాబులు

ఆఫీసులో పక్క సీటాయన అన్నాడు: "ద ప్రింటర్ ఈజ్ అవుటాఫ్ పేపర్."

ఈ సంగతి మీకు ఇప్పుడే తెలిసింది. తెలియగానే లేచారు. అప్పుడు: "ఓ, ఐల్ గెట్ సమ్." తెలుగులో "ఉండండి, నేను తెస్తాను" అనే చోటు ఇది.

పొద్దున్నే చూశారు, భోజనం తర్వాత తేవాలని మనసులో అనుకున్నారు. అప్పుడు: "ఐ నో. ఐ యామ్ గోయింగ్ టు గెట్ సమ్ ఆఫ్టర్ లంచ్." ఆయన చెప్పకముందే మీకు ఆలోచన ఉందని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకో పరిస్థితి. నిన్ననే ఆర్డర్ పెట్టారు, ఇవాళ మూడింటికి తెస్తామని వాళ్లు ఒప్పుకున్నారు. అప్పుడు: "డోంట్ వరీ. దే ఆర్ డెలివరింగ్ సమ్ ఎట్ త్రీ." నిర్ణయం మీ తలలో మాత్రమే ఆగిపోలేదు, అవతలివాళ్లతో మాట అయిపోయింది, టైమ్ కుదిరింది.

రెండో జవాబు ఇవ్వాల్సిన చోట మొదటిది ఇస్తే వ్యాకరణం తప్పు కాదు. కానీ పొద్దున్నుంచీ మీకు గుర్తుందన్న సంగతి ఆయనకు చేరదు. చెప్పాకే కదిలారని అనుకుంటాడు.

విల్ వాడి నొప్పించే చోటు

మనవాళ్లకు విల్ మీద మోజెక్కువ. భవిష్యత్తు కనిపిస్తే చాలు, విల్ పెట్టేస్తాం. చాలాచోట్ల నడిచిపోతుంది గానీ, ఆహ్వానాల దగ్గర ఇబ్బంది వస్తుంది.

ఒక స్నేహితురాలు "ఆర్ యూ ఫ్రీ ఆన్ సాటర్డే?" అని అడిగింది. శనివారం మీ అన్నయ్యను కలవాలని ముందే ఖాయమైంది. "సారీ, ఐ విల్ మీట్ మై బ్రదర్" అన్నారనుకోండి. వినేవాళ్లకు అది అప్పటికప్పుడు అల్లిన సాకులా అనిపించవచ్చు. ఆమె అడిగాకే మీరు అన్నయ్యను కలవాలని తీర్మానించుకున్నట్టు ఉంటుంది మరి. "సారీ, ఐ యామ్ మీటింగ్ మై బ్రదర్" అంటే ఆ ఏర్పాటు ముందునుంచే ఉన్నదని అర్థమవుతుంది, ఎవరికీ బాధ ఉండదు. డాక్టర్ అపాయింట్‌మెంట్, ఇంటర్వ్యూ, ప్రయాణం, ఇంకొకరితో పెట్టుకున్న భోజనం, వీటన్నిటికీ ప్రెజెంట్ కంటిన్యువస్సే హాయిగా ఉంటుంది.

ఇక్కడ మన భాషే సాయం చేస్తుంది. "శనివారం అన్నయ్యను కలుస్తున్నాను" అని మీ నోటికి దానంతటదే వస్తే, ఇంగ్లీషులోనూ కంటిన్యువస్ పెట్టండి. కాకపోతే ఎప్పుడన్నది మాటల్లో చెప్పాలి, లేదా సందర్భంలో తెలిసిపోవాలి. ఏ సూచనా లేకుండా "ఐ యామ్ మీటింగ్ మై బ్రదర్" అంటే ఇప్పుడే కలుస్తున్నారనుకునే వీలుంది.

ఇదే విల్ సాయం చేస్తాననేటప్పుడు ఎంతో మర్యాదగా ఉంటుంది. ఎవరో బరువైన సంచీ మోస్తూ మెట్లెక్కుతుంటే "ఐల్ క్యారీ దట్ ఫర్ యూ" అనాలి. "ఐ యామ్ గోయింగ్ టు క్యారీ దట్" అంటే వాళ్ల ఇష్టంతో పనిలేకుండా మీరే తీర్మానించేసినట్టు వినిపిస్తుంది. మాట ఇవ్వడానికీ విల్లే: "ఐ వోంట్ టెల్ ఎనీవన్." మాట్లాడేటప్పుడు ఐ విల్ అని విడదీసి, విల్‌ను ఒత్తి పలికితే పట్టుబట్టినట్టు ఉంటుంది కాబట్టి మామూలుగా ఐల్ చాలు. వోంట్‌కి ఇంకో సరదా వాడకం ఉంది. తాళం తిప్పుతున్నా తలుపు రానంటోంది: "ద డోర్ వోంట్ ఓపెన్." భవిష్యత్తుతో దీనికి సంబంధమే లేదు.

జరగబోయేది ఊహించేటప్పుడు

నల్లటి మబ్బులు కమ్ముకొచ్చాయి. "లుక్ ఎట్ దోజ్ క్లౌడ్స్. ఇట్స్ గోయింగ్ టు రెయిన్." వాన పడేలా ఉందని కళ్లముందే ఆనవాళ్లున్నాయి. గ్లాసు బల్ల అంచుకు జరిగిపోతోంది: "కేర్‌ఫుల్, ఇట్స్ గోయింగ్ టు ఫాల్!" ఆనవాలేమీ లేదు, మీ అభిప్రాయం మాత్రమే అంటే: "ఐ థింక్ షీ విల్ పాస్." థింక్, ప్రాబబ్లీ, మేబీ లాంటి మాటలు విల్‌తో చక్కగా పొసగుతాయి.

ఊహల్లో కంటిన్యువస్‌కి చోటు లేదు. "ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో" అనకూడదు. వానతో ఎవరూ అపాయింట్‌మెంట్ పెట్టుకోలేరు కదా.

రెండూ చెల్లే చోట

గోయింగ్ టు, కంటిన్యువస్ మధ్య గీత అంత గట్టిది కాదు. "ఐ యామ్ సీయింగ్ ద డెంటిస్ట్ ఆన్ మండే", "ఐ యామ్ గోయింగ్ టు సీ ద డెంటిస్ట్ ఆన్ మండే" రెండూ సరైనవే. ఏది వాడాలా అని టెన్షన్ పడొద్దు. ఏర్పాటు అయిపోయిందని వినిపించాలంటే మొదటిది, ఉద్దేశం వరకే అయితే రెండోది. "గోయింగ్ టు గో" కూడా తప్పు కాదు గానీ నోటికి అడ్డం పడుతుంది, "ఐ యామ్ గోయింగ్ హోమ్ టుమారో" చాలు. రైళ్లు, సినిమాల టైమ్‌టేబుల్‌కి మామూలు ప్రెజెంట్: "ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్." ఇఫ్, వెన్‌తో మొదలయ్యే ముక్కలో విల్ రాదు: "ఐల్ కాల్ యూ వెన్ ఐ రీచ్ హోమ్."

ప్రశ్నల్లో ఒక జాగ్రత్త. "విల్ యూ కమ్ టు ద మీటింగ్?" అంటే రమ్మని కోరినట్టు వినిపించవచ్చు. వస్తున్నారో లేదో కనుక్కోవాలంటే "ఆర్ యూ కమింగ్ టు ద మీటింగ్?" అనాలి.

మీరే చెప్పండి

జవాబులు చూడకుండా ముందు పైకి అని చూసుకోండి.

క. గది ఉక్కగా ఉందని పక్కనున్నాయన అన్నాడు. కిటికీ మీ దగ్గరే ఉంది.
ఖ. వచ్చే నెలలో ఉద్యోగం మానేయాలనుకున్నారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు స్నేహితుడికి చెబుతున్నారు.
గ. సాయంత్రం ఐదుకి క్లయింట్‌తో మీటింగ్ ఖాయమైంది. నాలుగున్నరకి మేనేజర్ ఇంకో పని ఇవ్వబోతున్నారు.
ఘ. పసివాడి ముఖం ముడుచుకుంది, పెదవి వణుకుతోంది.

క: "ఐల్ ఓపెన్ ద విండో." ఖ: "ఐ యామ్ గోయింగ్ టు క్విట్ నెక్స్ట్ మంత్." రాజీనామా ఇచ్చేసి, చివరి రోజు ఖాయమయ్యాక అయితే "ఐ యామ్ లీవింగ్ నెక్స్ట్ మంత్" అని ధైర్యంగా అనండి. గ: "ఐ యామ్ మీటింగ్ ఎ క్లయింట్ ఎట్ ఫైవ్." ఇక్కడ విల్ వాడితే పని తప్పించుకుంటున్నారని మేనేజర్ అనుకునే ప్రమాదం ఉంది. ఘ: "హీ ఈజ్ గోయింగ్ టు క్రై." అది చూశాక ఎత్తుకోవడానికి చేతులు చాస్తూ అనేది మాత్రం "ఐల్ టేక్ హిమ్".