చెల్క నేలల వాగు పరీవాహకం: ఏడాది నత్రజని, భాస్వరం జమాఖర్చు నివేదిక

స్థలం: మహబూబ్‌నగర్ జిల్లా, 412 హెక్టార్లు. పంటలు పత్తి, మొక్కజొన్న, కంది, కొంత వరి.
కాలం: 1 జూన్ 2023 – 31 మే 2024. వాన 780 మి.మీ., వాగు ప్రవాహం 118 మి.మీ.

పద్ధతి

కల్వర్టు దగ్గర నీటిమట్టాన్ని 15 నిమిషాలకోసారి నమోదు చేశాం. మట్టం–ప్రవాహం వక్రరేఖకు కరెంట్ మీటర్ కొలతలు 0.9 మీటర్ల వరకే ఉన్నాయి. ఆపైన రేఖను పొడిగించాం కాబట్టి ప్రవాహంలో 15% అనిశ్చితి పెట్టాం. నమూనాలను వడకట్టకుండా, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించి, 4° సె. వద్ద ఉంచాం. పెర్సల్ఫేట్‌తో 121° సె. వద్ద 30 నిమిషాలు జీర్ణం చేశాక, భాస్వరాన్ని 880 నానోమీటర్ల వద్ద చదివాం. బురద నీటి సీసాను బాగా కుదిపాకే పిపెట్‌తో తీయాలి. లేకుంటే మన్నుకు అంటిన భాస్వరం అడుగునే ఉండిపోతుంది.

```
L (kg/ha) = 0.01 × R (mm) × C (mg/L)
N: 0.01 × 118 × 4.1 = 4.8
P: 0.01 × 118 × 0.42 = 0.50
```

C అంటే ప్రవాహంతో తూచిన సగటు.

యూరియా 1,300 బస్తాలు (45 కిలోలు, 46% నత్రజని), డీఏపీ 580 బస్తాలు (50 కిలోలు, 18% నత్రజని). డీఏపీ సంచి మీది 46% అనేది P₂O₅. భాస్వరంగా మార్చడానికి 0.436తో గుణించాం.

ఫలితాలు (కిలో/హెక్టారు, ±1 ప్రామాణిక అనిశ్చితి)

| పద్దు | నత్రజని | భాస్వరం |
|---|---|---|
| ఎరువులు | 78.0 ± 7.8 | 14.1 ± 1.4 |
| పశువుల ఎరువు | 6.2 ± 2.5 | 1.6 ± 0.6 |
| వాన | 4.7 ± 1.0 | 0.1 ± 0.05 |
| పప్పుజాతి స్థిరీకరణ | 6.0 ± 3.0 | – |
| జమ | 94.9 ± 8.8 | 15.8 ± 1.5 |
| పంట, కట్టె | 52.0 ± 6.0 | 9.0 ± 1.2 |
| అమ్మోనియాగా ఎగిరినది | 9.8 ± 4.0 | – |
| వాగు | 4.8 ± 0.9 | 0.50 ± 0.12 |
| ఖర్చు | 66.6 ± 7.3 | 9.5 ± 1.2 |
| మిగులు | 28.3 ± 11.4 | 6.3 ± 1.9 |

అనిశ్చితులను వర్గాల మొత్తానికి వర్గమూలంగా కలిపాం. అమ్మోనియా నష్టం కొలిచినది కాదు, యూరియా నత్రజనిలో 15% అనే అంచనా. డీనైట్రిఫికేషన్, భూగర్భంలోకి ఇంకినది, నేలలో నిలిచినది మూడూ మిగులులోనే ఉన్నాయి. వీటిని ఈ లెక్క విడదీయలేదు. రెండింతల అనిశ్చితితో నత్రజని మిగులు 5.5 నుంచి 51.1 వరకు ఉండొచ్చు. మిగులు ఉందని గట్టిగా చెప్పగలం, ఎంతో మాత్రం చెప్పలేం.

చర్చ

నత్రజని మిగులు అనిశ్చితి వర్గంలో ఎరువుల సర్వే వాటా 47%, పంటది 28%. వాగుది 1% కూడా లేదు. అందుకే ఈ మిగులు కోసం ఇంకో ఆటోశాంప్లర్ కొనడం వృథా. బస్తాల లెక్కను అమ్మకాల రశీదులతో సరిచూడడమే మేలు. దిగువ చెరువు సంగతి వేరు. ఏటా దానికి చేరే భాస్వరం 204 ± 51 కిలోలు, అందులో 71% తొమ్మిది వరదల్లోనే వచ్చింది. వారానికోసారి తీసే నమూనాలతోనే లెక్కిస్తే హెక్టారుకు 0.21 కిలోలే తేలింది, సగం కంటే తక్కువ.

రెండు పొరపాట్లు సరిదిద్దాం. ఒక విడత నైట్రేట్ ఫలితాలు NO₃గా వచ్చాయి, 0.226తో గుణించకపోతే 4.4 రెట్లు ఎక్కువ కనిపించేవి. బోరు నీటిలోని నైట్రేట్‌ను మొదట జమలో రాశాం. అది ఈ పరీవాహకంలోనే తిరిగే నత్రజని, రెండుసార్లు లెక్కించినట్టవుతుంది, తీసేశాం.

వచ్చే వానాకాలంలో 0.9 మీటర్లు దాటిన వరదల్లో కనీసం మూడు కరెంట్ మీటర్ కొలతలు కావాలి.