కార్తీక్, పడుకున్నావా?

పడుకుంటే లేవకు, పొద్దున చూసుకో. ముహూర్తం 6:20కి కదా, మంగళస్నానం, గౌరీపూజ అన్నీ ఉన్నాయని 3 గంటలకే లేపుతానని పెద్దమ్మ చెప్పి వెళ్లింది. నాకేమో నిద్ర పట్టట్లేదు. కింద మండపంలో కోయంబేడు నుంచి వచ్చిన పూలు దించుతున్నారు, మల్లెల వాసన మా గదిదాకా వస్తోంది.

టెన్షన్‌గా ఉంది. నువ్వంటే కాదు, నీ విషయంలో నాకు ఏ భయమూ లేదు. చూలైమేడులో పుట్టి పెరిగిన ఇల్లు, రేపటి నుంచి అక్కడికి వెళ్తే పక్కింటి ఆంటీ "ఎప్పుడొచ్చావే, ఎన్నాళ్లుంటావ్?" అని అడుగుతుంది చూడు, ఆ మాట తలుచుకుంటేనే గొంతు పట్టేస్తోంది.

ఇందాక నాన్న చెప్పారు, నువ్వు పంతులుగారితో మాట్లాడావట. స్ట్రోక్ వచ్చాక ఎడమ చెయ్యి సరిగా లేవట్లేదు కాబట్టి కన్యాదానం బాబాయ్ చేస్తే మంచిదని మావాళ్లే అన్నారు, నాన్న కూడా సరేనని తల దించుకున్నారు, ఆ రోజు ఆయన మొహం చూడలేకపోయా. నువ్వేమో "మామయ్యగారే చెయ్యాలి, ఎంతసేపు పట్టినా పర్లేదు, అవసరమైతే ఇంకాస్త ముందే మొదలుపెడదాం" అన్నావట. నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు! సాయంత్రం అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే నాన్న కుడిచేత్తో మా తమ్ముడి కాళ్లు కడిగి ప్రాక్టీస్ చేశారు తెలుసా. వాడు నవ్వలేదు, కదలకుండా నిలబడ్డాడు. ఈ ఒక్క పనికి నీకు జన్మంతా రుణపడి ఉంటా, థాంక్స్ అంటే చాలా చిన్న మాట అయిపోతుంది.

మన వేలచ్చేరి ఇంట్లో ఇంకా మంచం, గ్యాస్ పొయ్యి తప్ప ఏమీ లేవు, పర్లేదు, మెల్లగా కొనుక్కుందాం. ఆదివారాలు నాన్నతో కాసేపు నడవాలి, నువ్వూ రా. నెలకోసారి నెల్లూరు వెళ్దాం, మామిడికాయ వేసి చేపల పులుసు నేర్పిస్తానని అత్తయ్య మాటిచ్చారు. కోపం వస్తే నేను నోరు మూసుకుని కూర్చుంటానని నీకు తెలుసు, అప్పుడు వదిలేసి వేరే గదిలోకి వెళ్లిపోకు, ఏమీ మాట్లాడకపోయినా సరే పక్కనే ఉండు. నేనూ నీకు అలాగే ఉంటా.

జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీసేటప్పుడు ఫొటోగ్రాఫర్ ఇటు చూడండి సార్ అంటాడు, చూడకు. ముందు నన్నే చూడు.

ఇంకొక్కటి. కాళ్లు కడిగే టైమ్‌కి నేను తెరకి ఇవతల ఉంటా, నాకేమీ కనపడదు. నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగితే, ఆయన చెయ్యి కాసేపు పట్టుకో కార్తీక్.