బోటనీ మేడం గారికి

ఫిబ్రవరి 3

గౌరవనీయులైన మేడం గారికి,

నమస్కారం మేడం. నేను బైపీసీ ఫస్టియర్ శ్రావణిని, కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చుంటాను. ఎదురుగా నిలబడి అడగాలంటే నాకు మాట రాదు, అందుకే రాసి ఇస్తున్నాను.

ప్రీఫైనల్‌లో నాకు 60కి 17 వచ్చాయి. పాస్ కావాలంటే 21 కావాలి. కణవిభజన ఎనిమిది మార్కుల ప్రశ్నకు రెండున్నర పేజీలు రాస్తే రెండు మార్కులే వచ్చాయి. మార్కులు తక్కువ వేశారని కాదు మేడం, వేసినవే ఎక్కువ. చలనదశ-I దగ్గర మీరు ఎర్ర పెన్నుతో "విడిపోయింది ఏవి?" అని రాశారు. ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. క్షయకరణ విభజనలో నాకు అర్థం కానిది అదేనని అప్పుడే తెలిసింది.

మీరు ఆ పాఠం చెప్పినప్పుడు నేను పత్తి ఏరడానికి పోయాను. పన్నెండు రోజులు కాలేజీకి రాలేదు. కూలీలు దొరకలేదు, ఇంట్లో అందరం పోవాల్సి వచ్చింది. తర్వాత స్నేహితురాలి నోట్సు చూసి రాసుకుని, లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్ అని ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. పరీక్ష హాల్లో జైగోటీన్ ముందా పాకిటీన్ ముందా అని మొదలైన అనుమానం ఇక పోలేదు. బట్టీ పట్టింది ఒక్కటి జారితే మిగతావన్నీ జారిపోతాయి కదా మేడం.

మొన్న ఆదివారం మా అమ్మ కుట్టుమిషను డబ్బాలోంచి ఎర్ర దారం, నీలం దారం, నాలుగు టిచ్ బటన్లు తీసుకుని కూర్చున్నాను. రెండు ఎర్ర దారాలను ఒక టిచ్ బటన్‌తో, రెండు నీలం దారాలను ఇంకో దానితో కలిపాను. బటన్‌ను సెంట్రోమియర్ అనుకున్నాను. ఎర్రది నాన్న నుంచి వచ్చిన క్రోమోసోమ్, నీలంది అమ్మ నుంచి వచ్చింది, రెండూ ఒక సమజాత జత. జైగోటీన్‌లో వాటిని పక్కపక్కన చేర్చాను. పాకిటీన్‌లో ఒక ఎర్ర దారం కొస, ఒక నీలం దారం కొస కత్తిరించి మార్చి ముడేశాను. (దారం పాడు చేస్తున్నానని అమ్మ తిట్టింది, అది వేరే సంగతి.) జత కలవకుండా కొసలు మార్చుకునేది ఎట్లా? కాబట్టి జైగోటీనే ముందు. ఈ ఒక్కటి ఇక మరిచిపోను.

ఆ తర్వాత ఎర్రదాన్ని ఒకవైపుకు, నీలందాన్ని ఇంకోవైపుకు లాగాను. బటన్లు ఊడలేదు. అంటే చలనదశ-I లో విడిపోయేవి సమజాత క్రోమోసోమ్‌లు, సోదర క్రొమాటిడ్‌లు కావు. బటన్ ఊడేది చలనదశ-II లో. సమవిభజనలో అయితే ఒకే ఒక్క చలనదశ, అందులోనే ఊడిపోతుంది. నేను పేపర్లో తొలి చలనదశలోనే సెంట్రోమియర్‌లు చీలిపోతాయని రాశాను. మీరు అడిగింది దీని గురించేనా మేడం? నేను అనుకున్నది సరైనదేనా?

ఇంకో చోట ఆగిపోయాను. ఉల్లి వేరు కొనలో 2n = 16 అని రాసుకున్నాను. S దశలో డిఎన్‌ఎ రెట్టింపు అయితే క్రోమోసోమ్‌లు 32 కావాలి కదా అని లెక్క వేశాను. పుస్తకంలో మాత్రం 16 అనే ఉంది. బటన్లు లెక్కపెడితే 16, దారాలు లెక్కపెడితే 32 వస్తుంది. మనం లెక్క పెట్టాల్సింది బటన్లనేనా? అలా అయితే ఉల్లి పువ్వులో క్షయకరణ తొలి విభజన అయ్యాక ఒక్కో కణంలో 8 బటన్లు, 16 దారాలు ఉండాలి. 2C, 4C అని రాసినప్పుడు దారాలే లెక్కా? ఇక్కడే తల తిరుగుతోంది.

మీకు వీలైతే ఒక మూడు రోజులు, భోజనం బెల్లుకు పదిహేను నిమిషాలు చాలు మేడం. సాయంత్రం ఉండలేను, మా ఊరికి చివరి బస్సు 4:40కే. మిగతా పాఠాలు నేనే చదువుకుంటాను. దారాలు, బటన్లు నేనే తెస్తాను. మీరు ఏ దశ చెబితే అది పెట్టి చూపిస్తాను, తప్పు పెడితే అక్కడే ఆపండి. ఆ ఎనిమిది మార్కుల జవాబు మళ్లీ రాసి ఈ ఉత్తరంతో పాటు పెట్టాను, బొమ్మలతో సహా. డయాకైనెసిస్ బొమ్మ మాత్రం ఖాళీగా వదిలేశాను, అది గీయడం రాలేదు.

కుదరకపోతే ఏమీ అనుకోను మేడం. ఆ 16, 32 లెక్క ఒక్కటి మాత్రం నోట్సు చివరి పేజీలో రాసిస్తే చాలు.

మీ విద్యార్థిని,
శ్రావణి
బైపీసీ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం