విషయం: 4471 కార్డుపై వేసిన వార్షిక రుసుము, సర్వీస్ ఛార్జీలు మొత్తం 4,434 తిరిగి జమ చేయడం గురించి

కస్టమర్ సర్వీస్ వారికి,

నమస్కారం. 2022 మార్చిలో ఈ కార్డు ఇచ్చినప్పుడు మీరు పంపిన స్వాగత లేఖలో వార్షిక రుసుము "లేదు, జీవితాంతం ఉచితం" అని రాసి ఉంది. ఆ పేజీ ఫొటో జత చేశాను. మొదటి రెండేళ్లూ అలాగే జరిగింది కూడా. ఆ తర్వాత నాకు ఒక్క మాట చెప్పకుండా ఇవి పడ్డాయి:

```
12 MAR 2024  ANNUAL FEE      1,500.00
12 MAR 2024  TAX ON FEE        270.00
12 MAR 2025  ANNUAL FEE      1,500.00
12 MAR 2025  TAX ON FEE        270.00
```

ఇవి కాక 2024 సెప్టెంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు, ఆరు నెలలు వరుసగా, పన్నుతో కలిపి 149 చొప్పున SERVICE CHARGE అనే లైను ఉంది, అది 894. బిల్లు మొత్తం ప్రతి నెలా నా ఖాతా నుంచి ఆటో డెబిట్‌లో పోతుంది కాబట్టి, రెండో పేజీలో నా కొనుగోళ్ల మధ్య ఇరుక్కుని ఉన్న ఈ చిన్న లైను ఇన్నాళ్లూ నా కంట పడలేదు. ఒక్క నెల కూడా బకాయి పెట్టలేదు, నగదు తీయలేదు, కాబట్టి ఇది లేట్ ఫీజో వడ్డీయో అయ్యే అవకాశం లేదు.

కాల్ సెంటర్‌కు రెండుసార్లు చేశాను. మొదటిసారి అది కార్డు ప్రొటెక్షన్ ప్లాన్ అన్నారు, రెండోసారి మెసేజ్ అలర్ట్‌ల ఛార్జీ అన్నారు. ఏ ప్లానూ నేను అడగలేదు, దేనికీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నానని మీ దగ్గర ఉంటే ఆ కాల్ రికార్డింగో, నేను సంతకం చేసిన ఫారమో పంపండి, చూస్తాను. ఉచితం అన్న కార్డుకు రుసుము పెట్టాలని మీరు నిర్ణయించుకుని ఉంటే, ఆ సంగతి నాకు ముందుగా ఏ తేదీన, ఎలా తెలియజేశారో కూడా చెప్పండి. నా మెయిల్, మెసేజ్‌లు అన్నీ వెతికాను, అలాంటిదేమీ రాలేదు.

రెండో కాల్‌లో "గుడ్‌విల్ కింద సగం మాఫీ చేస్తాం, లేదంటే రివార్డ్ పాయింట్లు ఇస్తాం" అన్నారు. నాకు అది వద్దు. నేను దయ అడగడం లేదు, నా దగ్గర తీసుకున్న డబ్బు అడుగుతున్నాను. 3,540 వార్షిక రుసుము, పన్నుతో సహా, 894 సర్వీస్ ఛార్జీ, మొత్తం 4,434 కార్డు ఖాతాలో జమ చేయండి. వచ్చే మార్చిలో మళ్లీ పడకుండా ఈ రెండు ఛార్జీలనూ నా కార్డు నుంచి తీసేసి, తీసేశామని రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్‌లో చెబితే మళ్లీ ఎవరో ఇంకో మాట చెబుతారు.

ఎనిమిది స్టేట్‌మెంట్ల నుంచి సంబంధించిన పేజీలు, లైన్లకు పసుపు రంగు గుర్తు పెట్టి, తేదీల వరుసలో జత చేశాను. ఇతర కొనుగోళ్ల వివరాలు కప్పేశాను, అవి మీకు ఎలాగూ కనిపిస్తాయి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇదే మెయిల్‌ను, ఇవే కాగితాలతో, మీ ఫిర్యాదుల విభాగం పై అధికారికి పంపుతాను.

ఇట్లు,
4471 కార్డుదారు