గోప్యతా ఒప్పంద పత్రం

2025 నవంబరు 10వ తేదీ సోమవారం నాడు గుంటూరులో, 100 రూపాయల నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద ఈ కింది ఇద్దరూ రాసుకున్న ఒప్పందం.

గుంటూరు బ్రాడీపేట 4వ లైనులో నివసిస్తున్న, వెంకటేశ్వరరావు గారి కుమార్తె ముప్పాళ్ల సాహితి, వయసు 29 సంవత్సరాలు (ఇకపై “ఫౌండరు”).

విజయవాడ మొగల్రాజపురంలో నివసిస్తున్న, సుబ్బారావు గారి కుమారుడు అడుసుమిల్లి కృష్ణమోహన్, వయసు 54 సంవత్సరాలు (ఇకపై “ఇన్వెస్టరు”).

1. ఒప్పందం ఎందుకు

ఫౌండరు మిర్చి రైతుల కోసం ఒక మొబైల్ యాప్ తయారు చేస్తున్నారు. కోల్డ్ స్టోరేజీలో దాచిన టిక్కీల నాణ్యతను లాటువారీగా నమోదు చేసి, ఆ రికార్డు మీద రైతుకు రుణం దొరికేలా, సరుకు అమ్ముడయ్యేలా చూడటం దాని పని. ఇంతవరకు ఎవరికి తెలిసినా ఇబ్బంది లేదు. గ్రేడు ఎలా ఇస్తారు, కోల్డ్ స్టోరేజీ వాళ్లకు ఏం మిగులుతుంది, బ్యాంకు ఏ ధైర్యంతో అప్పిస్తుంది అన్నవే అసలు సంగతులు. పెట్టుబడి పెట్టాలో వద్దో తేల్చుకోవాలంటే ఇన్వెస్టరు వాటిని చూడాలి.

ఇన్వెస్టరు కుటుంబానికి మిర్చి ఎగుమతి వ్యాపారం, గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో వాటా ఉన్నాయి. ఈ సంగతి ఆయనే ముందుగా చెప్పారు. 4వ షరతు ఇంత వివరంగా ఉండటానికి కారణం అదే.

వివరాలు చూపినందుకు వాటిని గోప్యంగా ఉంచుతానన్న మాట, ఆ మాట ఇచ్చినందుకు వివరాలు చూపడం, ఇవే ఒకదానికొకటి ప్రతిఫలం. డబ్బు చేతులు మారలేదు.

2. ఏది గోప్య సమాచారం

కాయ ఫొటో, తేమ మీటరు రీడింగు, టిక్కీ తూకం కలిపి గ్రేడు లెక్కించే పద్ధతి, దాని సోర్స్ కోడు, అందులో ఏ అంశానికి ఎంత వెయిటేజీ ఇచ్చారన్న పట్టిక. రాబడి, ఖర్చుల ఎక్సెల్ షీట్లు. కోల్డ్ స్టోరేజీలతో, బ్యాంకులతో నడుస్తున్న సంప్రదింపులు, వాళ్లు ఒప్పుకున్న రేట్లు. ఇంకా మార్కెట్లోకి రాని యాప్ స్క్రీన్లు. ఇవన్నీ కాగితం మీద ఇచ్చినా, ఈమెయిల్ చేసినా, వాట్సాప్‌లో పంపినా, ల్యాప్‌టాప్‌లో చూపించినా గోప్య సమాచారమే.

నోటిమాటగా చెప్పిన సంగతుల దగ్గరే ఎక్కువగా పేచీ వస్తుంది. అందుకని, మీటింగులో నోటితో చెప్పిన విషయం గోప్యమైనదైతే, 7 రోజుల్లోగా ఫౌండరు దాని సారాంశం రాసి ఇన్వెస్టరుకు ఈమెయిల్ చేయాలి. ఆ 7 రోజులూ అది గోప్యమే. గడువులోగా ఈమెయిల్ రాకపోతే ఆ మాటకు ఈ ఒప్పందం వర్తించదు.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ వివరాలు ఈ చర్చల్లో ఇన్వెస్టరుకు అసలు చూపకూడదు. శాంపిల్ డేటా ఇవ్వాల్సి వస్తే పేర్లు తీసేసి ఇవ్వాలి.

3. ఇన్వెస్టరు బాధ్యతలు

గోప్య సమాచారాన్ని పెట్టుబడి నిర్ణయం కోసం మాత్రమే వాడాలి. తన ఆడిటరుకు, లాయరుకు, సలహా తీసుకునే ఒక సాంకేతిక నిపుణుడికి చూపవచ్చు. అయితే ఆ ముగ్గురి పేర్లూ ముందుగా ఫౌండరుకు ఈమెయిల్ చేయాలి, వాళ్ల చేత ఇవే షరతులకు రాతపూర్వకంగా ఒప్పించాలి. వాళ్ల వల్ల సమాచారం బయటికి పొక్కితే బాధ్యత ఇన్వెస్టరుదే. కుటుంబ సభ్యులకు గానీ, కోల్డ్ స్టోరేజీ భాగస్వాములకు గానీ, ఎగుమతి ఆఫీసు సిబ్బందికి గానీ ఫౌండరు రాతపూర్వక అనుమతి లేకుండా చూపకూడదు. ఇంట్లో మాటల్లో మాటగా చెప్పినా ఇది వర్తిస్తుంది.

4. మినహాయింపులు

(అ) అందరికీ తెలిసినది గోప్యం కాదు. గుంటూరు మార్కెట్ యార్డులో ఏ రోజు తేజ రకం ఎంత పలికిందో, కోల్డ్ స్టోరేజీ బాండు మీద రైతులు అప్పు తెచ్చుకుంటారన్నదీ మిర్చి వ్యాపారంలో ఉన్నవాళ్లెవరికైనా తెలుసు. అయితే ఇన్వెస్టరు తప్పు వల్ల బయటపడిన సంగతి ఈ మినహాయింపు కిందికి రాదు. విడివిడిగా అందరికీ తెలిసిన అంశాలను ఫౌండరు ఒక పద్ధతిలో కలిపి ఉంటే, ఆ కలిపిన తీరు గోప్యమే.

(ఆ) ఇన్వెస్టరుకు ముందే తెలిసినది. ఎగుమతిదారుగా కాయ రంగు, ఘాటు, తేమ చూసి సరుకు కొనడంలో ఆయనకున్న అనుభవం ఆయనదే. కానీ ఫౌండరు చూపిన వివరం తనకు ముందే తెలుసని అనుకుంటే, చూసిన 10 రోజుల్లోగా ఈమెయిల్‌లో చెప్పి, అంతకు ముందు తేదీతో ఉన్న ఏదైనా కాగితమో ఫైలో చూపాలి. తర్వాతెప్పుడో “అది నాకు ముందే తెలుసు” అంటే కుదరదు.

(ఇ) గోప్యత నియమం లేకుండా, న్యాయంగా మరొకరి ద్వారా తెలిసినది.

(ఈ) గోప్య సమాచారం చూడనివాళ్లు, దాన్ని వాడకుండా సొంతంగా తయారు చేసినది. ఇన్వెస్టరు వాటా ఉన్న కోల్డ్ స్టోరేజీలో సరుకు నమోదుకు ఇప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని వాళ్లు మెరుగుపరుచుకుంటే అభ్యంతరం లేదు. ఫౌండరు గ్రేడింగు పద్ధతి అందులో కనిపిస్తే మాత్రం, అది సొంతంగా తయారైందని రికార్డులతో నిరూపించాల్సిన భారం ఇన్వెస్టరుదే.

కోర్టో ప్రభుత్వ అధికారో చట్టప్రకారం అడిగితే ఇన్వెస్టరు సమాచారం ఇవ్వవచ్చు. చట్టం అడ్డు చెప్పకపోతే ఆ సంగతి 3 రోజుల్లోగా ఫౌండరుకు తెలపాలి, అడిగినంత వరకే ఇవ్వాలి. అలా ఇచ్చినంత మాత్రాన ఆ సమాచారం మిగతావాళ్ల విషయంలో గోప్యం కాకుండా పోదు.

5. కాలపరిమితి

చర్చలకు గడువు ఈ రోజు నుంచి 6 నెలలు, అంటే 2026 మే 9 వరకు. ఇద్దరూ ఈమెయిల్‌లో ఒప్పుకుంటే ఒక్కసారి, 3 నెలలు పొడిగించుకోవచ్చు. ఎవరైనా 15 రోజుల నోటీసుతో చర్చలు ముందే ఆపేయవచ్చు.

చర్చలు ఆగిన రోజు నుంచి 3 ఏళ్ల వరకు గోప్యత బాధ్యత కొనసాగుతుంది. రేట్లు, ఎక్సెల్ లెక్కలు ఆపాటికి పాతబడిపోతాయి కాబట్టి వాటికి ఇంతకంటే ఎక్కువ అడగడం న్యాయం కాదు. సోర్స్ కోడు, వెయిటేజీ పట్టిక సంగతి వేరు. అవి 4వ షరతు ప్రకారం బహిరంగమయ్యేంత వరకు, ఎన్నేళ్లయినా గోప్యంగానే ఉండాలి.

6. తిరిగి ఇవ్వడం

చర్చలు ఆగాక 15 రోజుల్లోగా ఇన్వెస్టరు కాగితాలు తిరిగిచ్చి, ఫైళ్లు, వాట్సాప్ మెసేజీలు తొలగించి, ఆ మాట ఈమెయిల్‌లో తెలపాలి. రికార్డు కోసం ఒక కాపీ ఆయన లాయరు దగ్గర సీల్ చేసి ఉంచుకోవచ్చు.

7. ఈ ఒప్పందంలో లేనివి

పెట్టుబడి పెడతానని ఇన్వెస్టరు, వాటా ఇస్తానని ఫౌండరు ఇందులో మాట ఇవ్వలేదు. యాప్ మీద ఏ హక్కూ ఇన్వెస్టరుకు బదిలీ కాదు. పోటీ వ్యాపారం పెట్టకూడదన్న షరతు కావాలనే రాయలేదు. వ్యాపారం చేసుకోకుండా కట్టడి చేసే షరతు 1872 భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడటం కష్టం, ఇన్వెస్టరు వేరే స్టార్టప్‌లు చూడటం సహజమే. ఆయన ఎవరితోనైనా వ్యాపారం చేయవచ్చు, ఈ సమాచారంతో మాత్రం చేయకూడదు.

ఫౌండరు కంపెనీ ఇంకా రిజిస్టర్ కాలేదు. రిజిస్టరయ్యాక ఫౌండరు రాతపూర్వకంగా తెలిపితే, ఈ ఒప్పందం కింద ఆమెకున్న హక్కులు ఆ కంపెనీకి చెందుతాయి.

8. ఉల్లంఘన, వివాదాలు

ఒప్పందం ఉల్లంఘిస్తే జరిగిన నష్టానికి పరిహారం అడిగే హక్కు ఫౌండరుకు ఉంది. సమాచారం ఒకసారి బయటపడ్డాక డబ్బుతో పూడేది కొంతే కాబట్టి, వాడకం ఆపించేందుకు గుంటూరు కోర్టులో ఇంజంక్షన్ కోరవచ్చు.

వివాదం వస్తే ముందు 30 రోజులు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తేలకపోతే 1996 ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం ప్రకారం, ఇద్దరూ ఒప్పుకున్న ఒకే ఆర్బిట్రేటరు ముందు, గుంటూరులో, తెలుగులో విచారణ జరగాలి. మార్పులేవైనా ఇద్దరి సంతకాలతో రాసుకుంటేనే చెల్లుతాయి.

పై షరతులు చదువుకుని, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా రెండు ప్రతుల మీద సంతకాలు చేశాం. చెరొక ప్రతి తీసుకున్నాం.

(సం.) ముప్పాళ్ల సాహితి, ఫౌండరు
(సం.) అడుసుమిల్లి కృష్ణమోహన్, ఇన్వెస్టరు

సాక్షులు:
(సం.) కొమ్మినేని రాజ్యలక్ష్మి, అరండల్‌పేట, గుంటూరు
(సం.) షేక్ ఇమ్రాన్, పటమట, విజయవాడ