ప్రశ్న 4: లిక్విడేషన్ సొమ్ము పంపిణీ క్రమం (20 మార్కులు)

ఒక జౌళి కంపెనీ లిక్విడేషన్ 2024 ఏప్రిల్ 1న మొదలైంది. లిక్విడేటర్ చేతిలో రూ. 9.90 కోట్లు ఉన్నాయి. అందులో రూ. 40 లక్షలు కార్మికుల పి.ఎఫ్. కోసం కంపెనీ విడిగా ఖాతాలో ఉంచినది. దివాలా ప్రక్రియ, లిక్విడేషన్ ఖర్చులు మొత్తం రూ. 50 లక్షలు.

'అ' బ్యాంకుకు రూ. 8 కోట్లు రావాలి. తన హామీని వదులుకుంది. 'ఆ' బ్యాంకు బాకీ రూ. 3 కోట్లు, తన హామీ ఆస్తిని తానే అమ్ముకుని రూ. 2 కోట్లు రాబట్టుకుంది, తన వంతు ఖర్చులు కట్టేసింది. కార్మికుల వేతన బకాయి 36 నెలలది, నెలకు రూ. 8,33,333 చొప్పున సుమారు రూ. 3 కోట్లు. మేనేజర్లు, గుమాస్తాలకు 18 నెలలకు రూ. 90 లక్షలు. జి.ఎస్.టి. బకాయి రూ. 1.50 కోట్లు, చివరి రెండేళ్లది రూ. 1 కోటి. హామీ లేని ఆర్థిక రుణదాతలు ఎవరూ లేరు.

(క) దివాలా స్మృతి, 2016 సెక్షన్ 53 ప్రకారం ఎవరికెంత? పి.ఎఫ్. సొమ్మును ఎలా చూస్తారో సెక్షన్ 36తో చెప్పండి. (8)

(ఖ) మరో రూ. 2.40 కోట్లు వసూలైతే, ఖర్చులు పెరగకపోతే, 'ఆ' బ్యాంకు మిగులు బాకీ, పన్నుల శాఖ ఏ వరుసలో నిలుస్తాయి? అంకెలు చూపండి. (6)

(గ) రాష్ట్ర చట్టం తనకు ఆస్తిపై మొదటి ఛార్జి ఇచ్చిందని పన్నుల శాఖ వాదిస్తే? రెయిన్‌బో పేపర్స్ (2022), రామన్ ఇస్పాత్ (2023) తీర్పులను పోల్చండి. (6)

సూచన: 24, 12 నెలల పరిమితులు మరచి మొత్తం బకాయి వేస్తే ఆ వరుసకు మార్కులుండవు.