కళింగపట్నం ఇంటి వరండా శ్లాబు లోపంపై నిపుణుడి నివేదిక

శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ వారికి సమర్పణ.

నేను, నా బాధ్యత

1. నేను సివిల్ ఇంజనీరును. కాంక్రీటు కట్టడాల పరీక్ష, మరమ్మతు పనుల్లో 31 ఏళ్ల అనుభవం ఉంది. ఇల్లు కట్టించుకున్న ఫిర్యాదిదారుకూ, కట్టిన కాంట్రాక్టరుకూ మధ్య నడుస్తున్న ఈ కేసులో కమిషన్ ఆదేశం మీద ఇంటిని పరిశీలించాను. ఫీజును రెండు పక్షాలూ చెరిసగం కమిషన్ వద్ద జమచేశాయి. తీర్పు ఎటు వచ్చినా అందులో తేడా ఉండదు. ఇరుపక్షాలతోనూ నాకు పూర్వ పరిచయం లేదు.

2. ఒక విషయం ముందే చెప్పాలి. పరిశీలనకు రెండు రోజుల ముందు ఫిర్యాదిదారు ఫోన్ చేసి, "ఇసుక సంగతి గట్టిగా రాయండి సార్" అన్నారు. కేసు గురించి ఫోన్‌లో మాట్లాడనని చెప్పి పెట్టేశాను. ఆ సంగతి అదే రోజు కాంట్రాక్టరు తరఫు న్యాయవాదికి తెలియజేశాను.

3. నేను చూసి కొలిచినవి ఒక భాగంలో, ఇతరులు చెప్పినవి ఇంకో భాగంలో, నా అభిప్రాయం చివరి భాగంలో రాశాను. ఎవరి తప్పు, ఎంత పరిహారం అన్నది తేల్చడం నా పని కాదు.

ఇరుపక్షాలు చెప్పినవి (నేను స్వయంగా చూడనివి)

4. ఇల్లు 2017 జూన్‌లో పూర్తయింది. ముందు వరండా, మధ్య హాలు, వెనక గది శ్లాబులన్నీ ఒకే రోజు, ఒకే మిల్లరు మీద పోశారు. దీనిపై ఇద్దరికీ పేచీ లేదు. 2021లో పెచ్చులు ఊడిన చోట ఫిర్యాదిదారు తన ఖర్చుతో సిమెంటు పూత వేయించారు.

5. ఒడ్డున దొరికే ఉప్పు ఇసుక కలిపారని, సిమెంటు తగ్గించారని ఫిర్యాదిదారు ఆరోపణ. వంశధార ఇసుకే తోలించామని, నష్టానికి కారణం మేడ మీద ట్యాంకు పొంగడమూ 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానూ అని కాంట్రాక్టరు జవాబు. ఇసుక బిల్లులు ఎవరూ చూపలేదు.

నేను చూసినవి, కొలిచినవి

6. 2025 నవంబరు 18న ఉదయం 9 గంటలకు ఇరుపక్షాల సమక్షంలో పరిశీలన మొదలుపెట్టాను. వరండా సముద్రం వైపు తెరిచి ఉంది. అక్కడ శ్లాబు అడుగున నాలుగు చోట్ల పెచ్చులు ఊడి ఊచలు బయటపడ్డాయి. 8 మి.మీ. ఊచ ఒకదాన్ని తుప్పు గీకి కొలిస్తే 6.1 మి.మీ. మిగిలింది. హాలులో పగుళ్లు గానీ తుప్పు మరక గానీ లేవు. వెనక గదిలో ట్యాంకు కింద చెమ్మ, తెల్లటి పొర ఉన్నాయి. అక్కడ పూత ఊడింది గానీ, రెండు చోట్ల తవ్వి చూస్తే ఊచలకు తుప్పు లేదు.

7. ఊచ మీద కాంక్రీటు మందాన్ని (ఇకపై 'కవరు') ఊచ లోతు చూపే మీటరుతో కొలిచాను. వరండాలో 14 చోట్ల 8 నుంచి 14 మి.మీ., హాలులో 10 చోట్ల 17 నుంచి 22 మి.మీ., వెనక గదిలో 6 చోట్ల 16 నుంచి 20 మి.మీ. వచ్చింది. ఒప్పందానికి జతచేసిన డ్రాయింగులో శ్లాబు కవరు 20 మి.మీ., కాంక్రీటు గ్రేడు ఎం20 అని ఉంది.

8. వరండాలో ఒక చోట ఊచ వెంట ఉలితో చెక్కించాను. పోత సమయంలో ఊచను ఎత్తి ఉంచే కవరు బిళ్ళ ఉండాల్సిన చోట బఠానీ గింజంత కంకర ముక్క కనిపించింది. దాని చుట్టూ తుప్పు నీరు దిగి గోధుమరంగు వలయం కట్టింది. ఫొటో జతచేశాను. కాంట్రాక్టరుతో వచ్చిన మేస్త్రీ అది చూసి, "బిళ్ళలు ఎట్టినాం బాబూ, కాంక్రీటు పోసినప్పుడు ఎవుడు తొక్కినాడో నానేటి సెప్పగలను" అన్నాడు.

9. హాలు శ్లాబు నుంచి మూడు కోర్లు, అంటే బలం పరీక్షకు గుండ్రంగా తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు, తీశాం. ప్రయోగశాలలో సరిచేసిన బలాలు 18.4, 19.6, 17.9. సగటు 18.6 న్యూటన్లు, చదరపు మి.మీ.కు. వరండాలో బలం పరీక్షకు తీసిన కోరు తీస్తుండగానే ముక్కలైంది, మళ్లీ తీయడానికి ఊచలు అడ్డొచ్చాయి. కాబట్టి వరండా కాంక్రీటు బలం ఇంత అని ఈ నివేదికలో అంకె లేదు.

10. ఉప్పు (క్లోరైడు) శాతం కోసం అడుగు నుంచి లోపలికి పొరలు పొరలుగా పొడి తీయించాం. పూత ఉన్న చోట్లను వదిలేశాం. ఘనపు మీటరుకు కిలోల్లో వరండా ఫలితాలు ఇవి: మొదటి 10 మి.మీ.లో 2.6, తర్వాతి 10లో 1.5, 20-30 లోతులో 0.7, 40-50 లోతులో 0.2. హాలులో ఏ పొరలోనూ 0.2 దాటలేదు. వెనక గదిలోనూ అంతే.

నా అభిప్రాయం, దానికి కారణాలు

11. ఉప్పు ఇసుక వాదనను ఈ పరీక్షలు బలపరచడం లేదు. ఇసుకతో వచ్చిన ఉప్పు కాంక్రీటు అంతటా కలిసిపోతుంది గనుక పైపొరకూ లోపలికీ పెద్ద తేడా ఉండకూడదు. ఇక్కడ బయట 2.6 ఉన్నది లోపలికి వెళ్లేకొద్దీ 0.2కి దిగింది. ఇది బయటి నుంచి, అంటే సముద్రపు గాలి నుంచి లోపలికి ఇంకిన ఉప్పు తీరు. పైగా అదే మిల్లరు మాలుతో పోసిన హాలులో ఉప్పు 0.2 దాటలేదు. వరండాను వేరే రోజు పోశారని రుజువైతే ఈ రెండో కారణం నిలబడదు, మొదటిది మాత్రం నిలుస్తుంది.

12. సిమెంటు తగ్గించారన్న మాట హాలు వరకు నిలవదు. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం మూడు కోర్ల సగటు కోరిన బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం20కి కోరిన బలం 20 గనుక ఇవి 17, 15. హాలు ఫలితాలు రెండింటికీ పైనే ఉన్నాయి. వరండా గురించి 9వ పేరాలో చెప్పిన కారణంగా ఎటూ చెప్పను.

13. ట్యాంకు పొంగడం వెనక గది చెమ్మకు సరిపోయే కారణమే. వరండా తుప్పుకు కాదు. ట్యాంకు నీరు వరండా వైపు వచ్చిన జాడ నాకు కనపడలేదు. తిత్లీ విషయం: తుపాను గాలి ఉప్పు నీటిని గోడల మీదికి విసిరి ఉండొచ్చు. కానీ ఏడాది పొడవునా వీచే ఉప్పు గాలి నుంచి ఒక్క రోజు వాటాను విడదీసే పరీక్ష లేదు. దాన్ని ప్రధాన కారణంగా చూపే ఆధారం నాకు దొరకలేదు.

14. నా దృష్టిలో వరండా తుప్పుకు ప్రధాన కారణం బయటి ఉప్పు, తక్కువ కవరు రెండూ కలవడమే. 10 మి.మీ. లోతులో ఉన్న ఊచ అత్యధిక ఉప్పు ఉన్న పొరల్లోనే ఉంది. కవరు తగ్గడానికి బిళ్ళలు పెట్టకపోవడం కారణం కావచ్చు, పోత సమయంలో ఊచలను తొక్కడం కావచ్చు. ఒక్క చోట కంకర ముక్క దొరికినంత మాత్రాన శ్లాబంతా అలాగే చేశారని అనలేను.

15. డ్రాయింగు ప్రకారం 20 మి.మీ. కవరు ఉంటే ఈ నష్టం జరిగేది కాదా? ఇది అడగాల్సిన ప్రశ్నే. ఆ లోతు దాటాక వచ్చే 20-30 పొరలోనూ ఉప్పు 0.7 ఉంది. తుప్పు ఆలస్యంగా మొదలయ్యేది, తప్పిపోయేదని చెప్పలేను. ఎన్నేళ్ల ఆలస్యమో లెక్కగట్టడానికి తగిన కొలతలు లేవు.

16. ఇరుపక్షాలూ ఎత్తని అంశం ఒకటుంది. సముద్రపు గాలికి నేరుగా తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 చెప్పే కవరు 45 మి.మీ., కనీస గ్రేడు ఎం30. ఉప్పు గాలి నుంచి చాటున ఉన్న చోట కూడా 30 మి.మీ., ఎం25. ఈ వరండా ఏ కోవలోకి వస్తుందన్నది అభిప్రాయం. తెరిచి ఉండడం వల్ల నేను మొదటి కోవలో వేస్తాను, ఇంకో ఇంజనీరు రెండో కోవలో వేయొచ్చు. ఎలా చూసినా డ్రాయింగులోని 20 మి.మీ., ఎం20 చాలవు. డ్రాయింగు గీసినవారు ఈ కేసులో పక్షం కాదు, వారి మాట నేను వినలేదు.

17. 2021 పూత కింద మిగిలిన భాగాన్ని కొట్టి చూస్తే మరికొంత తెలియవచ్చు. పైకప్పు దెబ్బతింటుందని ఫిర్యాదిదారు ఒప్పుకోలేదు. ఆ నిరాకరణను ఎవరికీ వ్యతిరేకంగా లెక్కవేయలేదు.

18. మిగిలిన పొడి నమూనాలు, విరిగిన కోరు ముక్కలు ఇరుపక్షాల సంతకాలతో సీలు వేసి ప్రయోగశాలలోనే ఉంచాం. కమిషన్ ఆదేశం వచ్చేదాకా వాటిని పారవేయరు. ఏ పక్షమైనా తన ఖర్చుతో తిరిగి పరీక్ష చేయించుకోవచ్చు. విచారణలో ప్రశ్నలకు నేను హాజరవుతాను.

2025 డిసెంబరు 9, శ్రీకాకుళం
కమిషన్ నియమించిన నిపుణుడు, సివిల్ ఇంజనీరు